రెండు లక్షలు, ఐదేళ్లు, ఏడు శాతం: వడ్డీ అసలులో ఎప్పుడు కలుస్తుంది?

రాజోలు వైపు ఒక కొబ్బరి రైతు బ్యాంకులో 2 లక్షల రూపాయలు ఐదేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాడనుకుందాం. వడ్డీ 7 శాతం. చేతికిచ్చిన రసీదులో గడువు తీరాక వచ్చే మొత్తం 2,82,956 రూపాయలని ఉంది. ఆయన వేళ్ల మీద వేసుకున్న లెక్క వేరు. ఏడాదికి 14 వేలు, ఐదేళ్లకు 70 వేలు, అసలుతో కలిపి 2,70,000. “దాదాపు పదమూడు వేలు ఎక్కువ రాశారండీ. పొరపాటు పడి ఉంటారు, తర్వాత మళ్లీ పట్టుకుంటారేమో” అని ఆయన అనుమానం.

పొరపాటేమీ లేదు. ఆయన వేసింది బారువడ్డీ, బ్యాంకు వేసింది చక్రవడ్డీ. ఈ సంగతి బడిలో చదివిన ప్రతివారికీ తెలుసు. కానీ ఆ 12,956 రూపాయలు ఏ ఏడాది ఎంత చొప్పున పుట్టాయి, ఏ పరిస్థితిలో చేతికి రాకుండా పోతాయి అన్నది సూత్రం బట్టీపట్టినంత మాత్రాన కనబడదు. ఏడాది తర్వాత ఏడాది లెక్క వేసుకుంటేనే కనబడుతుంది. 7 శాతం అన్నది ఇక్కడ లెక్క కోసం తీసుకున్న అంకె. మీ బ్యాంకులో రేటు వేరుగా ఉన్నా లెక్క నడిచే తీరు ఇదే.

కింది పట్టికలో ఒక్కో ఏడాదికి పుట్టే వడ్డీ మూడు రకాలుగా ఉంది. మొదటిది బారువడ్డీ. రెండోది ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపే చక్రవడ్డీ. మూడోది మూడు నెలలకోసారి కలిపేది. మన బ్యాంకులు గడువు దాకా వడ్డీ ఇవ్వకుండా డిపాజిట్‌లోనే ఉంచే పథకాల్లో సాధారణంగా ఈ మూడో పద్ధతినే పాటిస్తాయి. పైసలు వదిలేశాను.

| ఏడాది | బారువడ్డీ (రూ.) | చక్రవడ్డీ, ఏడాదికోసారి (రూ.) | చక్రవడ్డీ, మూడు నెలలకోసారి (రూ.) |
|---|---|---|---|
| 1 | 14,000 | 14,000 | 14,372 |
| 2 | 14,000 | 14,980 | 15,404 |
| 3 | 14,000 | 16,029 | 16,512 |
| 4 | 14,000 | 17,150 | 17,698 |
| 5 | 14,000 | 18,351 | 18,970 |
| మొత్తం | 70,000 | 80,510 | 82,956 |

ముందు మధ్య వరుస చూడండి. మొదటి ఏడాది బారువడ్డీకీ దానికీ తేడా లేదు. ఏడాది చివర పుట్టిన 14,000 అసలులో కలిసింది కాబట్టి రెండో ఏడాది వడ్డీ 2,14,000 మీద వేశారు. పెరిగిన 980 రూపాయలు ఆ 14,000 మీద 7 శాతం, అంతే. మూడో ఏడాది 2,28,980 మీద వడ్డీ. ఇలా ఐదో ఏడాది ముగిసేసరికి బారువడ్డీ కన్నా 10,510 రూపాయలు ఎక్కువ చేరాయి.

ఈ 10,510 ని విడదీసి చూస్తే చక్రవడ్డీ గురించి మనకున్న భ్రమ కొంత తొలగుతుంది. మొదటి ఏడాది పుట్టిన 14,000 మిగిలిన నాలుగేళ్లూ డిపాజిట్‌లో ఉంది. దాని మీద ఏడాదికి 980 చొప్పున నాలుగేళ్లకు 3,920. రెండో ఏడాది తాలూకు 14,000 మూడేళ్లు ఉంది, దాని మీద 2,940. మూడో ఏడాదిది రెండేళ్లు, 1,960. నాలుగో ఏడాదిది ఒక్క ఏడాది, 980. వీటన్నిటినీ కూడితే 9,800. అంటే తేడాలో అధిక భాగం వడ్డీ మీద మామూలుగా పుట్టిన బారువడ్డీయే. వడ్డీ మీది వడ్డీకి మళ్లీ వడ్డీ పుట్టడం వల్ల వచ్చింది మిగిలిన 710 రూపాయలు మాత్రమే.

కొండంత పెరిగిపోతుందని ప్రకటనల్లో చూపించే గీత ఈ 710 లాంటి భాగానిదే. ఐదేళ్లలో అది ఇంకా మొలక దశలోనే ఉంటుంది. ముప్ఫై ఏళ్లు కదపకుండా ఉంచిన డబ్బులో అదే అసలును మించిపోతుంది. ఐదేళ్ల డిపాజిట్ అమ్మడానికి ముప్ఫై ఏళ్ల గీత చూపించడం నాకు సబబుగా తోచదు.

ఇప్పుడు మూడో వరుస. 7 శాతాన్ని నాలుగు భాగాలు చేస్తే మూడు నెలలకు 1.75 శాతం. మొదటి మూడు నెలల చివర 2,00,000 మీద 3,500 పుట్టి అసలులో కలుస్తుంది. రెండో మూడు నెలలకు 2,03,500 మీద 3,561, తర్వాత 3,624, ఆపైన 3,687. నాలుగూ కలిపితే 14,372. మొదటి ఏడాదిలోనే 372 రూపాయల తేడా పుట్టింది ఇలాగే. అందుకే ఇలాంటి డిపాజిట్‌కు ఏడాది మొత్తం మీద నిజమైన రేటు 7 కాదు, దాదాపు 7.19 శాతం. ఐదేళ్లలో అలాంటి మూడు నెలలు ఇరవై ఉంటాయి కాబట్టి రసీదులోని అంకెను ఫోనులోని కాలిక్యులేటర్ మీద ఎవరైనా సరిచూసుకోవచ్చు:

```
200000 × (1 + 0.07/4)^20 = 282956
```

వచ్చిన అంకెకు, రసీదు మీది అంకెకు కొద్ది రూపాయల తేడా ఉంటే అది రోజుల లెక్క వల్లనో, పైసలు సవరించడం వల్లనో వచ్చి ఉంటుంది. అలా కాకుండా రసీదు మీద 2,00,000 అనే ఉంటే, మీ డిపాజిట్ వడ్డీని ఎప్పటికప్పుడు బయటికి ఇచ్చే రకమన్నమాట. దరఖాస్తులో ఒక గడి మారినా ఇది జరుగుతుంది. ఐదేళ్ల తర్వాత కంగుతినడం కన్నా ఆ రోజే కౌంటరు దగ్గర నిలబడి అడగడం మేలు.

డెల్టాలో ఈ లెక్క బ్యాంకులతో వచ్చింది కాదు. సార్వా పెట్టుబడికో, రొయ్యల చెరువు తవ్వించడానికో నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి అప్పు తెచ్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. నూటికి రెండు రూపాయలంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24. నోటు మీద రాసేది బారువడ్డీయే. అయితే ప్రోనోటు మీద దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లలోగా నోటు వెనుక చెల్లు వేయించుకోకపోతే అప్పిచ్చినవాడు నోటు తిరగరాయించుకుంటాడు. తిరగరాసేటప్పుడు కొత్త నోటులో పాత అసలు ఒక్కటే రాయరు, అప్పటిదాకా పేరుకున్న వడ్డీ కూడా అసలుగా మారుతుంది.

లక్ష రూపాయల నోటు తీసుకోండి. మూడేళ్లకు వడ్డీ 72,000. కొత్త నోటు 1,72,000కు. దాని మీద మరో మూడేళ్ల వడ్డీ 1,23,840. ఆరేళ్లకు ఇవ్వాల్సింది 2,95,840. నోటు తిరగరాయకుండా బారువడ్డీయే నడిచి ఉంటే 2,44,000 అయ్యేది. తేడా 51,840. ఇది ఖచ్చితంగా మొదటి మూడేళ్ల వడ్డీ 72,000 మీద తర్వాతి మూడేళ్లకు పడిన వడ్డీ. బ్యాంకు మూడు నెలలకోసారి చేసే పనినే నోటు మూడేళ్లకోసారి చేస్తుంది. మాటవరసకు బారువడ్డీ అన్నా, తిరగరాసిన రోజున అది చక్రవడ్డీ అయింది. కాబట్టి అప్పులోనైనా డిపాజిట్‌లోనైనా అడగాల్సిన ప్రశ్న పేరు గురించి కాదు, వడ్డీ ఎన్నాళ్లకోసారి అసలులో కలుస్తుంది అన్నదాని గురించి.

ఈ ప్రశ్న రేట్లను పోల్చేటప్పుడు బాగా అక్కరకు వస్తుంది. ఒక చోట 7 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ. మరో చోట, ఊళ్లోని పరపతి సంఘంలో అనుకుందాం, 8 శాతం బారువడ్డీ. ఏది ఎక్కువ? అదే 2 లక్షల మీద 8 శాతం బారువడ్డీ ఏడాదికి 16,000. మూడేళ్లకు 48,000. మన పట్టికలో మూడో వరుసను మూడేళ్లకు కూడితే 46,288. అంటే 8 శాతమే మెరుగు. నాలుగేళ్లకు చూస్తే అటు 64,000, ఇటు 63,986. పద్నాలుగు రూపాయల తేడాతో రెండూ దాదాపు ఒక్కటే. ఐదేళ్లకు అటు 80,000, ఇటు 82,956. నాలుగేళ్ల దగ్గర రెండూ దాటుకున్నాయి. గడువెంతో చెప్పకుండా ఈ రెండిట్లో ఏది మంచిదంటే జవాబు లేదు.

కొన్ని ప్రకటనల్లో కనబడే ఒక కిటుకు కూడా ఇక్కడే పట్టుబడుతుంది. ఐదేళ్లకు పుట్టిన 82,956 ని ఐదుతో భాగించి, అసలు మీద శాతం కడితే దాదాపు 8.3 వస్తుంది. “ఏడాదికి 8.3 శాతం రాబడి” అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. అంకె అబద్ధం కాదు. కానీ అది వడ్డీ రేటు కాదు, ఐదేళ్ల చక్రవడ్డీని బారువడ్డీగా మార్చి చెప్పిన సగటు. అదే డిపాజిట్‌ను పదేళ్లకు వేస్తే, రేటు 7 దగ్గరే ఉన్నా ఆ సగటు ఇంకా పెరుగుతుంది. రాబడి అన్న అంకె కనబడితే దాని పక్కన రేటు ఎంతని వేశారో వెతకాలి.

పరపతి సంఘం మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. ఈ పరిమితి 2020 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక సహకార సంఘాల్లో దాచిన డబ్బుకు ఆ బీమా వర్తించదు. ఒక శాతం ఎక్కువ వడ్డీని చూసేటప్పుడు ఇది కూడా చూడాలి.

ఇంతవరకూ బారువడ్డీ తీసుకునే మనిషిని చేతకానివాడిగా చూపించినట్టయింది. అలా అనుకోవడం అన్యాయం. మూడు నెలలకోసారి వడ్డీ చేతికి తీసుకునే డిపాజిట్‌లో మన రైతుకు ప్రతి మూడు నెలలకూ 3,500 పొదుపు ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు ఏమైందన్నదే అసలు విషయం. ఏడాదికి రెండున్నర శాతం వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతాలో అలాగే పడి ఉంటే ఐదేళ్లకు 74,300 చిల్లర అవుతుంది. డిపాజిట్‌లోనే ఉంచితే వచ్చే 82,956 కన్నా ఎనిమిదిన్నర వేలకు పైగా తక్కువ. అలా వదిలేసేవారికి చక్రవడ్డీయే నయం.

ఆ డబ్బు దాళ్వాలో ఎరువుల కట్టలకు పోయిందనుకోండి. ఏడాదికి అందే 14,000 చేతిలో లేకపోతే అదే మొత్తాన్ని నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలు తేవాలి. దాని మీద వడ్డీ 1,680. మన పట్టికలో బారువడ్డీ కన్నా చక్రవడ్డీ రెండేళ్లలో అదనంగా సంపాదించి పెట్టేది 1,776. ఒక్క పంటకు అప్పు తప్పించుకుంటే ఆ లాభం దాదాపు వచ్చేసింది. బ్యాంకులో 7 శాతానికి డబ్బు పెరగనిస్తూ, పక్కింట్లో 24 శాతానికి అప్పు తేవడం లెక్క తెలిసినవాళ్లు కూడా చేస్తుంటారు. డిపాజిట్ కదపకూడదన్న పట్టుదల దానికి కారణం.

నెలనెలా వడ్డీ తీసుకునే పద్ధతిలో మరో చిన్న సందేహం వస్తుంది. 2 లక్షల మీద 7 శాతం అంటే నెలకు 1,167 రావాలి కదా, 1,160 మాత్రమే ఎందుకు వేశారని పింఛనుదారులు అడుగుతుంటారు. బ్యాంకు లెక్క మూడు నెలలకు 3,500. దాన్ని మూడు భాగాలుగా ముందే ఇస్తోంది కాబట్టి, ముందుగా ఇచ్చినందుకు ఆ మేరకు తగ్గిస్తుంది. ఏడు రూపాయలు పోయింది అందుకే. మోసం కాదు.

పట్టికలోని అంకెలన్నీ డిపాజిట్ ఐదేళ్లూ కదలకుండా ఉంటేనే నిజమవుతాయి. మధ్యలో తీస్తే రెండు మార్పులు జరుగుతాయి. ఒప్పుకున్న ఐదేళ్ల రేటు పోయి, డబ్బు నిజంగా ఉన్న కాలానికి డిపాజిట్ వేసిన రోజున ఏ రేటు ఉందో అది లెక్కలోకి వస్తుంది. దానిలోంచి అపరాధ రుసుముగా అర శాతమో, ఒక శాతమో కోస్తారు. అది బ్యాంకును బట్టి ఉంటుంది. రెండేళ్ల రేటు 6.5 శాతం, కోత 0.5 శాతం అనుకుంటే చేతికి 6 శాతమే లెక్క. మన రైతు రెండేళ్లకే డిపాజిట్ తీసేస్తే పట్టిక ప్రకారం రావాల్సిన 2,29,776 రాదు, 2,25,299 వస్తుంది.

వడ్డీని మూడు నెలలకోసారి చేతికి తీసుకున్నవారికి ఇదే లెక్క ఇంకోలా తగులుతుంది. రెండేళ్లలో వారికి 7 శాతం చొప్పున 28,000 ఇచ్చేశారు. 6 శాతం చొప్పున ఇవ్వాల్సింది 24,000. ఎక్కువిచ్చిన 4,000 ని అసలులోంచి పట్టుకుంటారు. 2 లక్షలు వేసిన మనిషి చేతికి 1,96,000 వస్తుంది. “అసలే తగ్గించేశారండీ” అని బ్యాంకులో గొడవపడేది ఎక్కువగా ఈ సందర్భంలోనే. నిజానికి ఆయనకు నష్టం అసలులో రాలేదు, ముందే తీసుకున్న వడ్డీలో వచ్చింది. అత్యవసరానికి కొద్ది నెలల పాటే డబ్బు కావాలంటే, డిపాజిట్ తీసేయడం కన్నా దాని మీదే అప్పు తీసుకోవడం చాలాసార్లు చౌకగా పడుతుంది. ఆ అప్పు మీద వడ్డీ సాధారణంగా డిపాజిట్ రేటు కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువగా ఉంటుంది, డిపాజిట్ మాత్రం తన దారిన పెరుగుతూనే ఉంటుంది.

పన్ను కోత 2 లక్షల డిపాజిట్‌కు తగలదు, పెద్ద డిపాజిట్లకు తగులుతుంది. ఒకే బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే బ్యాంకు 10 శాతం పన్నుగా మినహాయిస్తుంది. 60 ఏళ్లు నిండినవారికి ఆ హద్దు లక్ష. ఈ హద్దులు 2025 ఏప్రిల్ నుంచి వచ్చాయి. చక్రవడ్డీ డిపాజిట్‌లో వడ్డీ మన చేతికి రాకపోయినా ఏటేటా పుట్టినట్టే లెక్క, కోత కూడా ఏటేటా పడుతుంది. చెరువు అమ్మిన 10 లక్షలను అదే 7 శాతానికి వేస్తే మొదటి ఏడాది వడ్డీ 71,859. అందులో 7,186 పన్ను కింద పోతుంది. రెండో ఏడాది వడ్డీ ఆ మేరకు తగ్గిన మొత్తం మీద పుడుతుంది కాబట్టి రసీదులో రాసిన గడువు మొత్తం చేతికి రాదు. ఆదాయం పన్ను పరిధిలోకి రానివారు ఏడాది మొదట్లోనే ఆ సంగతి తెలిపే స్వీయ ప్రకటన పత్రం బ్యాంకులో ఇస్తే ఈ కోత పడదు. ఇవ్వడం మరిచిపోతే కోసిన పన్నును రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ ఆ డబ్బు డిపాజిట్ బయట ఉన్నన్నాళ్లూ దాని మీద ఈ 7 శాతం వడ్డీ పుట్టదు.

ఇక ఐదేళ్లు నిండిన రోజు. డిపాజిట్ వేసేటప్పుడు గడువు తీరాక దానంతటదే కొనసాగేలా దరఖాస్తులో రాయకపోతే, గడువు తేదీ తర్వాత తీసుకోని మొత్తానికి డిపాజిట్ రేటు నడవదు. రిజర్వు బ్యాంకు 2021 జూలైలో మార్చిన నిబంధన ప్రకారం, ఒప్పుకున్న రేటు, పొదుపు ఖాతా రేటు ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. మన రైతు పిల్లల దగ్గరికి హైదరాబాదు వెళ్లి రసీదు బీరువాలో మరిచిపోయాడనుకుందాం. 2,82,956 మీద ఆరో ఏడాది 7 శాతం నడిస్తే 20,333 రూపాయలు పుట్టేది. రెండున్నర శాతం చొప్పున పుట్టేది 7,074.